కింద సంపు నిండా నీళ్లు, పైన నల్లాలో చుక్క లేదు

ఏప్రిల్‌లో ఒక మంగళవారం సాయంత్రం 6.10కి గాలిదుమారం లేచి కరెంటు పోయింది. బాచుపల్లి వైపు ఉండే మా అపార్ట్‌మెంట్‌కి ఇది కొత్తేమీ కాదు. వేసవిలో వానకు ముందు వచ్చే గాలికి ఎక్కడో ఒక కొమ్మ విరిగి 11 కేవీ లైను మీద పడుతుంది, ఫీడర్ ట్రిప్ అవుతుంది, కొమ్మ తీసేశాక కరెంటు వస్తుంది. ఆ రోజు కొమ్మతో పాటు స్తంభం కూడా ఒరిగింది. కరెంటు వచ్చేసరికి బుధవారం పొద్దున 6.50 అయింది.

జనరేటర్ ఉంది కాబట్టి రాత్రంతా లిఫ్టు నడిచింది, కారిడార్లలో లైట్లు వెలిగాయి, ఇళ్లలో ఫ్యాన్లు తిరిగాయి. ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు. పొద్దున ఐదున్నరకు ఐదో అంతస్తు నుంచి మొదటి ఫోన్ వచ్చింది. "అన్నా, నీళ్లు ఆగిపోయాయి, పిల్లాడిని స్నానానికి పంపి సబ్బు కూడా రాశాను" అని. అసోసియేషన్ లెక్కలు చూసేది నేనే. కిందికి దిగి, వాచ్‌మన్‌తో కలిసి సంపు మూత తీసి టార్చ్ వేశాను. సంపు అంచుదాకా నిండి ఉంది. ఆ ఉదయమే మా వీధికి మంజీర, అంటే వాటర్ బోర్డు నీళ్లు, వదిలే వంతు. వీధి పైపులో నీళ్లు వస్తూనే ఉన్నాయి. మా సంపులో చోటు లేక ఫ్లోట్ వాల్వ్ మూసుకుపోయింది. మాకు రావలసిన నీళ్లు మా గేటు ముందు నుంచే వెళ్లిపోతున్నాయి. పైన 50 ఫ్లాట్లలో ఒక్క చుక్క లేదు.

అంతవరకు మా మీటింగుల్లో నీటి కొరత ఒక అంశం, కరెంటు కోత ఇంకో అంశం. నీళ్లకు ట్యాంకర్లు, కరెంటుకు జనరేటర్, రెండింటికీ వేరు వేరు ఖర్చు పద్దులు. ఆ పొద్దున సంపు పక్కన నిలబడ్డప్పుడు ఈ రెండూ ఒకటేనని అర్థమైంది. తర్వాత రెండు నెలలు కూర్చుని లెక్క తీశాం. మాలాంటి అపార్ట్‌మెంట్లు ఈ ఊళ్లో వేలల్లో ఉన్నాయి కాబట్టి ఆ లెక్క మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

మాది స్టిల్ట్ మీద ఐదు అంతస్తులు. 50 ఫ్లాట్లు, సుమారు 170 మంది. పైన ట్యాంకు 20 వేల లీటర్లు, కింద సంపు 25 వేల లీటర్లు. బోరు నీళ్లు, మంజీర నీళ్లు, ట్యాంకర్ నీళ్లు అన్నీ ఆ ఒక్క సంపులోకే చేరతాయి. సంపు నుంచి పై ట్యాంకుకు 5 హెచ్‌పీ మోటారు ఎక్కిస్తుంది. గంటకు సుమారు 20 వేల లీటర్లు, అంటే ఖాళీ ట్యాంకు గంటలో నిండుతుంది. బోరులో ఉన్నది 10 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్, 900 అడుగుల లోతులో దించి ఉంది.

మంజీర అంటున్నాను గానీ, హైదరాబాద్‌లో కృష్ణా నీళ్లు వచ్చినా గోదావరి నీళ్లు వచ్చినా చాలామంది పిలిచే పేరు అదే. కృష్ణా నీరు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీరు ఎల్లంపల్లి నుంచి, వంద కిలోమీటర్లకు పైగా పంపుల మీద పంపులు పెట్టి తెచ్చుకుంటున్న నీరు. అక్కడ పంపింగ్ స్టేషన్లో కరెంటు ట్రిప్ అయినా మన వంతు ఎగిరిపోతుంది. మా వీధికి రోజు విడిచి రోజు, పొద్దున 5 నుంచి 6.30 వరకు వదులుతారు. ఆ గంటన్నరలో మా సంపులోకి దాదాపు 24 వేల లీటర్లు వస్తాయి. అంటే రోజుకు 12 వేలు. 2021 నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్ల దాకా బిల్లు లేకుండా ఇస్తున్నారు. కానీ మాకు వచ్చేది లెక్క వేస్తే ఫ్లాటుకు నెలకు 7,200 లీటర్లే. బిల్లు మాఫీ అయినంత మాత్రాన పైపులో అన్ని నీళ్లు రావు. కాబట్టి వచ్చే ఆ గంటన్నరలో ఒక్క లీటరు కూడా వదులుకోకూడదు.

ఆ బుధవారం మేము ఎంత వదులుకున్నాం? మంగళవారం మధ్యాహ్నం, నీళ్లు తక్కువగా ఉన్నాయని, వాచ్‌మన్ చెబితే నేనే రెండు ట్యాంకర్లు తెప్పించి సంపులో పోయించాను. 10 వేల లీటర్లు. సాయంత్రం కరెంటు పోయేసరికి సంపులో 17 వేలు, పై ట్యాంకులో సగం, అంటే 10 వేలు ఉన్నాయి. కరెంటు లేదు కాబట్టి సంపు నీళ్లు పైకి ఎక్కలేదు. పై ట్యాంకులోని 10 వేలు తెల్లవారేసరికి అయిపోయాయి. ఐదింటికి మంజీర వచ్చినప్పుడు సంపులో ఖాళీ ఉన్నది 8 వేల లీటర్లకే. మిగతా 16 వేలు పోయాయి. అవి మూడు ట్యాంకర్ల పైన నీళ్లు. డబ్బులు పెట్టి కొన్న నీళ్లు సంపులో చోటు పట్టేసి, బిల్లు కూడా లేని నీళ్లను బయటే ఆపేశాయి.

ఇప్పుడు అదే రాత్రి 5 హెచ్‌పీ మోటారు నడిచి ఉంటే ఏమయ్యేదో చూడండి. సంపు అడుగున 2 వేల లీటర్లు మోటారుకు అందవు, అక్కడ మట్టి ఉంటుంది. మిగతా 15 వేలు పైకి ఎక్కించాలి. సాయంత్రం పైన 10 వేలకు చోటుంది, రాత్రి వాడకంతో ఇంకో 9 వేలకు చోటు వచ్చింది. కాబట్టి రెండు విడతల్లో మొత్తం ఎక్కిపోయేది. మోటారు నడవాల్సింది ముప్పావు గంట. ఖర్చయ్యే కరెంటు మూడున్నర యూనిట్లు. డీజిల్‌లో చెప్పాలంటే ఒక లీటరు, కొంచెం పైన. మా జనరేటర్ ఆ రాత్రి 12 గంటల 40 నిమిషాలు నడిచి 60 లీటర్లకు పైగా తాగింది, దాదాపు 6 వేల రూపాయలు. అందులో ఒక్క లీటరు డీజిల్ ఈ మోటారుకు పెట్టి ఉంటే 15 వేల లీటర్ల నీళ్లు మావి అయ్యేవి.

మరి ఎందుకు పెట్టలేదు? మోటారుకు జనరేటర్ కనెక్షనే లేదు. బిల్డర్ ఇచ్చేటప్పుడు లిఫ్టు, కారిడార్ లైట్లు, ఫ్లాటుకు 500 వాట్లు జనరేటర్‌కు కలిపాడు. అమ్మేటప్పుడు అడిగేవి అవే కదా. నీళ్ల మోటారు గురించి కొనేవాళ్లెవరూ అడగరు, మేమూ అడగలేదు. మీ అపార్ట్‌మెంట్‌లో ఇది తెలుసుకోవడం తేలిక. కరెంటు పోయి జనరేటర్ నడుస్తున్నప్పుడు కిందికి వెళ్లి మోటారు స్టార్టర్ మీద ఇండికేటర్ లైట్లు వెలుగుతున్నాయా చూడండి. వెలగకపోతే మీదీ మా పరిస్థితే.

ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు కమిటీలో ఒకరు "బోరు మోటారు కూడా జనరేటర్ మీద పెట్టేద్దాం, ఒకేసారి పని అయిపోతుంది" అన్నారు. వద్దన్నాం, దానికి కారణం ఎత్తులో ఉంది. సంపు నుంచి పై ట్యాంకుకు నీరు ఎక్కాల్సింది పైపు రాపిడితో కలిపి 30 మీటర్లు. వెయ్యి లీటర్లకు పావు యూనిట్ లోపే అవుతుంది. బోరులో 900 అడుగులంటే 270 మీటర్ల పైనే. అక్కడి నుంచి వెయ్యి లీటర్లు తేవడానికి మా మోటారు రెండు యూనిట్లు తీసుకుంటుంది, ఎనిమిది రెట్లు పైన. పైగా స్టార్ట్ అయ్యే క్షణంలో ఏ మోటారైనా తన మామూలు కరెంటుకు చాలా రెట్లు లాగుతుంది. స్టార్టర్ నేరుగా వేసేదైతే ఐదారు రెట్లు, స్టార్-డెల్టా అయితే రెండు మూడు రెట్లు. మాది 62.5 కేవీఏ జనరేటర్. సాయంత్రం లిఫ్టు ఎక్కుతుండగా 10 హెచ్‌పీ మోటారు వేస్తే లైట్లు ఒక్కసారి మసకబారి, వోల్టేజి పడి స్టార్టర్లు పడిపోయే ప్రమాదం ఉంది. 5 హెచ్‌పీ మోటారు ఆ జనరేటర్‌కు భారం కాదు. అందుకే సంపు మోటారు ఒక్కదానికే కేబుల్ లాగించాం.

కేబుల్ లాగేటప్పుడు ఒక విషయంలో మాత్రం బేరం ఆడకండి. మోటారుకు ఒకవైపు డిపార్ట్‌మెంట్ కరెంటు, ఇంకోవైపు జనరేటర్ కరెంటు వస్తాయి. రెండూ ఎప్పుడూ కలవకుండా నడుమ చేంజోవర్ స్విచ్ ఉండాలి, న్యూట్రల్‌తో సహా మారేది, ఒకటి వేస్తే రెండోది తప్పనిసరిగా తెగిపోయేది. చేంజోవర్ లేకుండా తీగలు కలిపేస్తే మన జనరేటర్ కరెంటు వెనక్కి లైన్లోకి వెళుతుంది. ఆ సమయానికి లైన్‌మన్ ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ అనుమతి, తీసుకుని, లైనులో కరెంటు లేదనే నమ్మకంతో స్తంభం ఎక్కి ఉంటాడు. ఆ మనిషి ప్రాణం పోతుంది. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే ఈ పని చేయించాలి.

ఆ బుధవారం కథ ఇంకా అయిపోలేదు. 6.50కి కరెంటు రాగానే వాచ్‌మన్ మోటారు వేశాడు. మోటారు మోగుతోంది, అమ్మయ్య అనుకుని అందరూ బకెట్లు పెట్టుకుని కూర్చున్నారు. పావుగంట గడిచినా పైన ట్యాంకులో చేయి మునిగేంత కూడా రాలేదు. మోటారుకు గాలి పట్టిందేమోనని ప్రైమింగ్ చేశారు, ఫుట్ వాల్వ్ పాడైందేమో అన్నారు. అంతలో లిఫ్టు కూడా కదలడం లేదని ఫోన్. ఎలక్ట్రీషియన్ వచ్చి, లిఫ్టు ఆగిందన్న మాట వినగానే మోటారు దగ్గరికి వెళ్లి ఫ్యాన్ తిరిగే దిక్కు చూశాడు. బాడీ మీద బాణం గుర్తు ఒకవైపు ఉంది, ఫ్యాన్ ఇంకోవైపు తిరుగుతోంది. ఒరిగిన స్తంభం మీద తీగలు మళ్లీ కలిపినప్పుడు మూడు ఫేజుల్లో రెండు తారుమారయ్యాయి. అలా అయితే త్రీఫేజ్ మోటారు వెనక్కి తిరుగుతుంది. పంపు వెనక్కి తిరిగినా శబ్దం మామూలుగానే ఉంటుంది, కొంచెం నీరు కూడా వస్తుంది, అందుకే కనిపెట్టడం కష్టం. లిఫ్టులో మాత్రం ఫేజులు తారుమారైతే ఆపేసే రిలే ఉంటుంది, అది కదలదు.

కాబట్టి పెద్ద రిపేరు తర్వాత కరెంటు వచ్చి, లిఫ్టు మొరాయించి, మోటారు నడుస్తున్నా నీళ్లు రాకపోతే పంపు విప్పకండి. ముందు ఫేజులు చూపించండి. ఎలక్ట్రీషియన్ మెయిన్ ప్యానెల్ దగ్గర, బయటి లైను నుంచి వచ్చే వైర్లలో రెండింటిని మార్చితే పది నిమిషాల పని. మోటారు దగ్గర ఒకసారి, లిఫ్టు దగ్గర ఒకసారి విడివిడిగా మార్చకూడదు. అలా చేస్తే జనరేటర్ మీదకు మారినప్పుడు మళ్లీ వెనక్కి తిరుగుతాయి. ఫేజులు తారుమారైన సంగతి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి కూడా చెప్పాలి. ఎందుకంటే మీరు వైర్లు మార్చుకున్నాక వాళ్లు లైను సరిచేస్తే కథ మళ్లీ మొదటికి వస్తుంది. కొత్తగా కనెక్షన్ ఇచ్చిన జనరేటర్‌ను కూడా మొదటిసారి నడిపినప్పుడు ఇలాగే దిక్కు చూసుకోవాలి.

ఇంకో రకం కూడా ఉంది. మూడింట్లో ఒక ఫేజు పూర్తిగా పోతుంది, మూడో వంతు ఫ్లాట్లలో లైట్లు ఆరిపోతాయి. అప్పుడు మోటారు వేస్తే తిరగకుండా మూలుగుతుంది, నిమిషాల్లో వైండింగ్ కాలిపోతుంది. దానికోసమే స్టార్టర్‌లో సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెడతారు. అది మాటిమాటికీ ట్రిప్ అవుతోందని వాచ్‌మన్లు వైరు వేసి బైపాస్ చేస్తుంటారు. మా దగ్గరా అలాగే చేసి ఉంది. సంపు మోటారు కాలితే ఒకరోజు బాధ. బోరు మోటారు కాలితే 900 అడుగుల పైపులు బయటికి లాగే లారీ రావాలి, వేసవిలో దాని కోసం రోజుల తరబడి ఎదురు చూడాలి.

ఇక బోరు. మా వాచ్‌మన్ రోజుకు మూడుసార్లు వేసేవాడు, గాలి కొట్టడం మొదలవగానే ఆపేసేవాడు. అరగంట లోపే ఆగిపోయేది. కానీ మొదటి పది నిమిషాలు ధార బలంగా వస్తుండటంతో "బోరులో నీళ్లున్నాయి సార్, మోటారే సరిగా లేదు" అని చాలామంది నమ్మకం. పంపు మార్చాలని కొటేషన్ కూడా తెచ్చారు.

హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్. ఆ రాయి నీళ్లు పీల్చదు. పైన శిథిలమైన రాతి పొరలోనూ, కింద రాయి చీలికల్లోనూ మాత్రమే నీరుంటుంది. బోరు అంటే ఆ చీలికలను దాటుకుంటూ పోయే ఒక సన్నటి నిలువు గొట్టం. చీలికల్లోంచి నీరు ఊరి ఆ గొట్టంలో నిలబడుతుంది. ఆరున్నర అంగుళాల బోరులో ఒక్కో అడుగుకు ఆరున్నర లీటర్లు పడతాయి. మా బోరులో ఏప్రిల్‌లో నీటి మట్టం 640 అడుగుల దగ్గర ఉంది, మోటారు 900 దగ్గర. నడుమ 260 అడుగుల్లో నిలబడ్డ నీరు సుమారు 1,700 లీటర్లు. మోటారు వేయగానే బలంగా వచ్చేది ఈ నిల్వే. అది పాతికేళ్ల నాటి బావిలో అడుగున నిలిచిన నీళ్లలాంటిది, తోడేస్తే అయిపోతుంది. అయిపోయాక వచ్చేదే అసలు ఊట.

ఊట కొలవడం సులువే. బోరును గాలి కొట్టేదాకా నడిపి, వాల్వ్ తిప్పి ధార తగ్గించి, ఆగకుండా వచ్చే ఆ సన్నని ధార కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి టైము చూడాలి. జనవరిలో మాకు ఆ డ్రమ్ము మూడున్నర నిమిషాల్లో నిండింది. ఏప్రిల్‌లో సరిగ్గా అరగంట పట్టింది. అంటే గంటకు 400 లీటర్లు, ఇరవై నాలుగు గంటలూ ఊరితే 9,600. పెద్ద పంపు పెడితే ఇది పెరగదు, నిల్వ ఇంకా త్వరగా ఖాళీ అవుతుందంతే. ఇంకో 300 అడుగులు తవ్వితే కొత్త చీలిక తగులుతుందనే హామీ లేదు, గొట్టం పొడుగు మాత్రం పెరుగుతుంది. కొత్త బోరుకు వాల్టా చట్టం కింద అనుమతి కావాలన్నది అటుంచి, పక్క పక్క అపార్ట్‌మెంట్లు తోడుకునేది చాలావరకు అవే చీలికల నీరు.

అయితే రోజుకు మూడుసార్లు వేస్తే మాకు దక్కింది 5,500 లీటర్లే. మిగతా 4 వేలు ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు, అసలు ఊరలేదు. గొట్టంలో నీరు పైకి వచ్చేకొద్దీ ఊట నెమ్మదిస్తుంది, పాత మట్టానికి చేరగానే ఆగిపోతుంది. సంపు నిండితే ఫ్లోట్ వాల్వ్ మంజీరను ఆపినట్టే, బోరు నిండితే తన ఊటను తానే ఆపుకుంటుంది. కాబట్టి దాన్ని నిండనివ్వకూడదు. టైమర్ పెట్టి రెండు గంటలకోసారి 10 నిమిషాలు నడిచేలా చేశాం. ఒక్కో విడతకు 750 లీటర్లు, రోజుకు 12 విడతలు, 9 వేల లీటర్లు. పంపు అదే, బోరు అదే. నీరు అందనప్పుడు మోటారును ఆపే డ్రై రన్ రిలే కూడా సరిచేయించాం, లేకపోతే టైమర్ మీద వదలడం ప్రమాదం. మంజీర వంతు ఉన్న రాత్రి 2 తర్వాత టైమర్ ఆగిపోతుంది, సంపులో చోటు కోసం.

రాబడి తేలింది, మరి ఖర్చు? సంపు 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు. కాబట్టి ప్రతి 10 సెంటీమీటర్ల ఎత్తు 1,200 లీటర్లు. ఒక పీవీసీ పైపు మీద ఎర్ర పెయింట్‌తో గీతలు పెట్టి కొలకర్ర చేసుకున్నాం, పై ట్యాంకుకూ ఒకటి. వారం రోజులు రాస్తే రోజుకు 30 వేల లీటర్ల వాడకం తేలింది. మనిషికి 135 లీటర్ల ప్రభుత్వ ప్రమాణం ప్రకారం 170 మందికి 23 వేలు చాలాలి. ఆ తేడా నన్ను నిద్రపోనివ్వలేదు. ఒక రాత్రి 1 గంటకు, 4 గంటలకు మేడ ఎక్కి పై ట్యాంకు కొలిచాం. అందరూ నిద్రపోయే ఆ మూడు గంటల్లో 750 లీటర్లు తగ్గింది. గంటకు 250, రోజుకు 6 వేలు. రోజుకు ఒక ట్యాంకర్ కంటే ఎక్కువ నీళ్లు మురుగులోకి పోతున్నాయి.

ఇలాంటి కారుడు గోడల మీద చెమ్మగా కనిపించదు. ఎక్కువగా ఫ్లష్ ట్యాంకుల్లో ఉంటుంది. లోపల రబ్బరు వాషర్ అరిగిపోయి, గోడ వెంట సన్నగా, చప్పుడు లేకుండా కమోడ్‌లోకి జారుతుంది. ఫ్లష్ ట్యాంకులో నాలుగు చుక్కలు నీలిమందు వేసి, పావుగంట ఎవరూ వాడకుండా చూసి, కమోడ్‌లో నీలిరంగు దిగితే కారుతున్నట్టే. ఇద్దరు కుర్రాళ్లు ఆదివారం ఇల్లిల్లూ తిరిగారు. ఒక ఇంట్లో పెద్దావిడ "మా ఇంట్లో ఏమీ కారడం లేదు నాయనా" అంటూనే తలుపు తీశారు, రెండు బాత్రూముల్లోనూ నీలం దిగింది. మొత్తం 11 ఫ్లాట్లలో దొరికాయి. ఇంకొన్ని వాల్వుల దగ్గర కూడా ఉన్నాయి. వాషర్లు మార్పించాక రాత్రి కొలత దాదాపు కదలడం మానేసింది.

ఇప్పుడు పక్కపక్కన పెడితే, ముందు రోజుకు 30 వేలు కావాలి, మంజీర 12 వేలు, బోరు 5,500. పన్నెండున్నర వేలు తక్కువ. రెండు రోజులకు ఐదు ట్యాంకర్లు. తర్వాత 24 వేలు కావాలి, మంజీర 12, బోరు 9. తక్కువ పడేది 3 వేలు, రెండు రోజులకు ఒక ట్యాంకర్‌కు కొంచెం పైన. వాటర్ బోర్డు ట్యాంకర్ 155313కి బుక్ చేస్తే వస్తుంది గానీ వేసవిలో ఎదురుచూడాలి. రోజుకు రెండు మూడు కావాల్సినప్పుడు ఆ వరుసలో నిలబడలేం, ఎంత అడిగితే అంత ఇచ్చి ప్రైవేటుది తెచ్చుకుంటాం. రెండు రోజులకు ఒకటే అయితే ముందే బుక్ చేసుకోవచ్చు. మంజీర వంతుకు ముందురోజు మధ్యాహ్నం తర్వాత ట్యాంకర్ వద్దని గేటు దగ్గరే రాసి పెట్టాం.

జనరేటర్ గంటలు తగ్గించడం దగ్గరే ఎక్కువ వాదన జరిగింది. తక్కువ లోడ్ మీద గంటలకొద్దీ నడిపితే డీజిల్ దండగ, పైగా ఇంజన్ పూర్తిగా వేడెక్కక కాలని డీజిల్ మసి పేరుకుంటుంది, పొగగొట్టం దగ్గర నల్లటి జిడ్డు కనిపిస్తుంది. అర్ధరాత్రి నుంచి 3.30 దాకా ఆపేద్దామని ప్రతిపాదన. మూడో అంతస్తులో ఆక్సిజన్ కాన్‌సన్‌ట్రేటర్ మీద ఉండే పెద్దాయన ఉన్నారు. ఆ మిషన్ 350 వాట్లు లాగుతుంది. వాళ్లింట్లో 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న ఇన్వర్టర్ ఉంది, బ్యాటరీ కొత్తది కాబట్టి మూడు గంటలకు పైనే లాగుతుంది, పాతబడితే రెండు గంటలకే చేతులెత్తేస్తుంది. అందుకే వాళ్లబ్బాయి ఫోన్ చేస్తే ఏ వేళైనా జనరేటర్ వేయాలని, ఇంట్లో సిలిండర్ కూడా ఉంచుకోవాలని రాసుకున్నాకే అందరం ఒప్పుకున్నాం. కారిడార్ లైట్లను చిన్న ఇన్వర్టర్ మీదకు మార్చాం. లిఫ్టులో కరెంటు పోగానే దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తెరిచే బ్యాటరీ ఉంది, దాన్ని నెలకోసారి మెయిన్ ఆపి పరీక్షిస్తున్నాం.

మే చివర్లో మళ్లీ ఒక రాత్రి 8 నుంచి 4 దాకా కరెంటు పోయింది. తెల్లవారితే మంజీర వంతు. ఆ రోజు పేజీ వాచ్‌మన్ చేతిరాతలో ఇలా ఉంది: "9.15 సంపు మోటారు జనరేటర్ మీద 25 నిమిషాలు. 12.00 జనరేటర్ బంద్. 3.30 జనరేటర్ వేసినా, మోటారు 20 నిమిషాలు. 4.05 కరెంటు వచ్చింది, లిఫ్టు నడిచింది, ఫ్యాన్ దిక్కు చూసినా, సరిగా ఉంది. 5.00 సంపు 20 సెంటీమీటర్లు. 6.30 సంపు 205 సెంటీమీటర్లు. ట్యాంకర్ చెప్పలేదు."